"రెండు తొంభైకి చేసేయండి" అన్న మాట, ఆ రాత్రి పెట్టిన మెసేజ్: పోరంకి ఫ్లాట్ కేసు

నేను విజయవాడ చుట్టుపక్కల ఇంటీరియర్ వుడ్‌వర్క్ కాంట్రాక్టులు చేస్తుంటా. కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు, టీవీ యూనిట్లు, ఇలాంటివి. మా లైన్‌లో బేరం మొత్తం నోటి మాట మీదే అవుతుంది, ఖాళీ ఫ్లాట్‌లో నిలబడి టేపు పట్టుకుని అరగంట మాట్లాడుకుంటాం, చివర్లో ఒక రౌండ్ ఫిగర్ అనుకుంటాం, అడ్వాన్స్ ఎప్పుడిస్తారో అడుగుతాం, అంతే. గొడవలన్నీ ఆ అరగంటలో మాట్లాడుకోని వాటి మీద వస్తాయి. ఇంకా చెప్పాలంటే మాట్లాడుకుని కూడా ఇద్దరం రెండు రకాలుగా అర్థం చేసుకున్న వాటి మీద వస్తాయి.

ఇంతకు ముందు గన్నవరం వైపు ఒక ఇంటికి చేసినప్పుడు చదరపు అడుగు ఇంత అని రేటు మాత్రమే అనుకున్నాం, కొలత ఎలా తీస్తామో అనుకోలేదు. నేను ఎదురుగా కనిపించే వెడల్పుని ఎత్తుతో గుణించి లెక్కేశా. ఆయన షట్టర్ వరకే కొలవాలి, పైన కింద వదిలిన పట్టీలు లెక్కలోకి రావు అన్నారు. పని అయిపోయాక, బిల్లు చేతిలో పెట్టాక వచ్చిన మాట అది. అప్పటికి ప్లైవుడ్ కోసేసి ఉంది, కూలీ ఇచ్చేసి ఉన్నా, నా చేతిలో ఇంకేమీ లేదు. అరవై వేలు దాకా వదులుకుని బయటపడ్డా. అప్పటి నుంచి ఒక అలవాటు పెట్టుకున్నా, నోటితో ఒప్పుకున్న రోజు రాత్రి పడుకునే లోపు ధర, పని, తేదీలు రాసి క్లయింట్‌కి పంపుతా. ఈ కేసులో ఆ మెసేజ్ ఎక్కడ ఆదుకుందో, ఎక్కడ నేను రాయకపోవడం వల్ల నష్టం వచ్చిందో రెండూ చెప్తాను.

పోరంకిలో కొత్త అపార్ట్‌మెంట్, రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. ఓనర్ డాలస్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్. ఇక్కడ చూసుకునేది వాళ్ళ నాన్నగారు, రిటైర్డ్ హైస్కూల్ టీచరు, అందుకే నేను మాస్టారూ అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బాయ్ అనేవారు. జూన్ 16 ఆదివారం పొద్దున ఫ్లాట్‌లో కలిశాం. డబ్బులిచ్చేది కొడుకు, మాట్లాడేది తండ్రి, ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

కొలతలు తీశాం. కిచెన్‌లో కింద యూనిట్ 14 అడుగుల పొడవు, 2 అడుగుల 9 అంగుళాల ఎత్తు, అంటే 38.5 చదరపు అడుగులు. పైన యూనిట్ 10 బై 2, 20 అడుగులు. వార్డ్‌రోబ్‌లు రెండు, ఒకటి 7 బై 7, ఇంకోటి 6 బై 7, కలిపి 91. ఇవన్నీ 149.5 చదరపు అడుగులు, అడుగు 1,500 చొప్పున 2,24,250. లాఫ్ట్‌లకి స్లాబు బిల్డర్ పోసేసి ఉన్నాడు కాబట్టి మనం ఫ్రేము, తలుపులు మాత్రమే పెట్టాలి, అవి మూడు చోట్లా కలిపి 46 అడుగులు, అడుగు 700 చొప్పున 32,200. టీవీ యూనిట్ వెనక ప్యానెలింగ్‌తో కలిపి లంప్‌సమ్ 35,000. మొత్తం 2,91,450. మాస్టారు ఇదంతా తన డైరీలో కూడా రాసుకున్నారు, చివర్లో "అబ్బాయ్, ఆ చిల్లర వదిలెయ్, రెండు తొంభైకి చేసేయండి" అన్నారు, సరే మాస్టారూ అన్నాను. ఎన్ని రోజులు పడుతుంది అన్నారు, నలభై ఐదు రోజులు అన్నాను. శ్రావణంలో ఆగస్టు 23న గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నారంట, దానికి ముందే అయిపోతుందిలే అని ఇద్దరం సంతోషంగా టీ తాగి విడిపోయాం.

ఇంటికొచ్చి ఆ రాత్రే మెసేజ్ రాశా. మాస్టారుకి ఒక్కరికే పంపలేదు, ఆయన్నీ వాళ్ళబ్బాయినీ కలిపి ముగ్గురితో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి అందులో పంపా, ఎందుకంటే రేపు "నాన్నగారు అలా ఒప్పుకున్నట్టు నాకు తెలీదు" అన్న మాట రాకూడదు. యథాతథంగా ఇదీ ఆ మెసేజ్, పేర్లు మాత్రం తీసేశా:

> మాస్టారూ నమస్తే. ఈరోజు జూన్ 16 పొద్దున ఫ్లాట్‌లో మనం మాట్లాడుకున్నది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. తేడా ఏమన్నా ఉంటే చెప్పండి, సరిచేసి మళ్ళీ పంపుతాను.
>
> పని: కిచెన్ కింద యూనిట్, పై యూనిట్, వార్డ్‌రోబ్‌లు 2, లాఫ్ట్ తలుపులు 3 చోట్ల, హాల్లో టీవీ యూనిట్ ప్యానెలింగ్‌తో. కొలత: ఎదురుగా కనిపించే మొత్తం వెడల్పు × ఎత్తు, పట్టీలతో కలిపి. పొద్దున తీసిన కొలతల కాగితం ఫొటో కింద పెట్టాను.
>
> మెటీరియల్: కిచెన్ 18 ఎంఎం ఐఎస్ 710 ప్లై, మిగతావి 18 ఎంఎం ఐఎస్ 303 ప్లై. బయట 1 ఎంఎం సన్‌మైకా, లోపల 0.8 ఎంఎం తెలుపు. హింజెస్ సాఫ్ట్ క్లోజ్. కిచెన్‌లో డ్రాయర్లు, బాస్కెట్లు ఉంటాయి.
>
> ఇందులో లేనివి: గ్రానైట్, సింకు, చిమ్నీ, స్టవ్, వాటి ఫిట్టింగ్, కరెంటు పని, ప్లంబింగ్, గోడలకి రంగు.
>
> ధర: 2,90,000. జీఎస్టీ 18 శాతం అదనం, 52,200. మొత్తం 3,42,200.
>
> డబ్బులు: అడ్వాన్స్ 40 శాతం, బాక్సులు సైట్‌కి వచ్చిన రోజు 40, షట్టర్లు బిగించాక 15, అప్పగించిన రోజు 5.
>
> తేదీ: 45 రోజులు. ఈ లెక్క మూడూ పూర్తయిన రోజు నుంచి మొదలు: అడ్వాన్స్ అందడం, సన్‌మైకా రంగులు మీరు ఫైనల్ చెయ్యడం, కిచెన్ గ్రానైట్ ప్లాట్‌ఫామ్ బిల్డర్ పూర్తి చెయ్యడం. జూన్ 28కి మూడూ అయితే ఆగస్టు 12కి అప్పగిస్తాను.
>
> సరే అనుకుంటే ధర, తేదీ మీ మాటల్లో రాసి రిప్లై ఇవ్వండి.

మొదటి వాక్యం గురించి ఒక మాట. "నాకు అర్థమైనట్టు" అని కావాలనే రాస్తాను. "మీరు ఒప్పుకున్నది ఇది" అని మొదలుపెడితే అవతలి వాళ్ళకి నోటీసు ఇచ్చినట్టు ఉంటుంది, ముఖ్యంగా వయసులో పెద్దవాళ్ళకి, నా మాట మీద నమ్మకం లేదా అని నొచ్చుకుంటారు. నాకు అర్థమైంది ఇదండీ అంటే తప్పు నాదైనా కావచ్చు అని ముందే ఒప్పుకున్నట్టు ఉంటుంది, వాళ్ళు కూడా మొహమాటం లేకుండా దిద్దుతారు. ఆ దిద్దడమే నాకు కావాల్సింది.

పొద్దున్నే మాస్టారు నుంచి బొటనవేలు ఎమోజీ వచ్చింది. అంతే. చాలామంది దీంతో ఆగిపోతారు, ఒప్పుకున్నట్టే కదా అని. కెనడాలో సస్కాచెవాన్ కోర్టు 2023లో ఒక రైతు అవిసె గింజల కాంట్రాక్టు ఫొటోకి బొటనవేలు పెడితే అది సంతకంతో సమానం అని తీర్పిచ్చింది, నిజమే, కానీ అక్కడ ఆ ఇద్దరూ అంతకు ముందు కూడా ఓకే, యప్ లాంటి ఒక్క మాట రిప్లైలతోనే కాంట్రాక్టులు చేసుకుని సరుకు పంపుకున్న చరిత్ర ఉంది. మనకి మొదటిసారి కలిసిన క్లయింట్ బొటనవేలు పెట్టాడంటే చదివాను అనా, చూశాను అనా, ఒప్పుకున్నా అనా? మా నాన్నగారి వయసు వాళ్ళు గుడ్ మార్నింగ్ ఫొటోకి కూడా అదే పెడతారు. అందుకే ఫోన్ చేశాను, "మాస్టారూ, మొత్తం ఎంతకి అనుకున్నామో, ఎప్పటికి అనుకున్నామో ఒక్క ముక్క మీరు రాయండి" అని.

సాయంత్రం రిప్లై వచ్చింది. "మొత్తం రెండు లక్షల తొంభై వేలు. జూలై ఆఖరుకి పని పూర్తి."

రెండూ తేడానే. ధరలో యాభై రెండు వేల తేడా, తేదీలో రెండు వారాల దాకా తేడా. ఆయన దగ్గర మోసమేమీ లేదు, నా దగ్గరా లేదు. ఆయన లెక్కలో రెండు తొంభై అంటే జేబులోంచి పోయే మొత్తం. నా లెక్కలో మేం రేట్లు ఎప్పుడూ టాక్స్ లేకుండానే చెప్తాం, అదెవరికీ ప్రత్యేకంగా చెప్పం. నలభై ఐదు రోజులు అంటే ఆయన జూన్ 16 నుంచి వేళ్ళ మీద లెక్కేసి జూలై 31 అని డైరీలో గుండ్రంగా చుట్టి పెట్టుకున్నారు, తర్వాత చూపించారు నాకు. నేనేమో సైట్ రెడీ అయిన రోజు నుంచి అన్నట్టు. ఇది ఆగస్టులో బయటపడి ఉంటే ఆయన నేను మాట తప్పానని, నేను ఆయన డబ్బులు ఎగ్గొడుతున్నారని అనుకునేవాళ్ళం, ఇద్దరం మనస్ఫూర్తిగా నమ్మి మరీ. ఇక్కడ ఒక్క షీటు కూడా ఇంకా కొనలేదు కాబట్టి కూర్చుని మాట్లాడుకునే వీలుంది.

ఆ రాత్రి వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు, వాళ్ళకి పొద్దున. కొంచెం కోపంగానే మొదలుపెట్టాడు, "టాక్స్ సంగతి ముందు చెప్పలేదంట కదండీ" అని. చెప్పలేదు, అది నిజం, ఒప్పుకున్నాను. బిల్లు లేకుండా చేసేద్దాం అన్న దారి కూడా ఒకటుంటుంది, చాలామంది వెళ్తారు, నేను వెళ్ళను, ఎందుకంటే ప్లైవుడ్, హార్డ్‌వేర్ నేను బిల్లుతోనే కొంటా. ఇంక దారి ఏంటంటే పని తగ్గించడం. టీవీ యూనిట్ వెనక ప్యానెలింగ్ తీసేస్తే 35,000 కాస్తా 20,000 అవుతుంది. అప్పుడు 2,75,000, జీఎస్టీతో 3,24,500. నేను నాలుగున్నర వేలు తగ్గించి 3,20,000 అన్నీ కలిపి అన్నాను. తను సరే అన్నాడు, మాస్టారు కూడా సరే అన్నారు.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ఫోన్‌లో సెటిల్ అయింది కదా అని పాత మెసేజ్ కింద "పైన చెప్పినదాంట్లో మార్పు, 3.20కి ఓకే" అని ఒక లైన్ కొట్టేస్తారు. అలా చేస్తే నెల తర్వాత ప్యానెలింగ్ ఉందా లేదా అన్నది పైకీ కిందకీ వెతుక్కోవాలి, పాత మెసేజ్‌లో ఉంది, కొత్త లైన్‌లో లేదు, ఏది లెక్క? నేను మెసేజ్ మొత్తం మళ్ళీ మొదటి నుంచి రాసి పంపుతా, పైన "జూన్ 16న పంపినది రద్దు, ఇదే ఫైనల్" అని పెట్టి. పాతదాన్ని ఎడిట్ కూడా చెయ్యను, వాట్సాప్‌లో పదిహేను నిమిషాల తర్వాత ఎలాగూ కుదరదు, కుదిరినా ఎడిటెడ్ అని పడుతుంది, అనుమానానికి తావు.

రెండో మెసేజ్‌లో టీవీ యూనిట్ దగ్గర "ప్యానెలింగ్ లేదు" అని విడిగా రాశా. ధర "3,20,000, జీఎస్టీ కలిపి, దీని పైన ఏమీ లేదు" అని. విడతలు ఈసారి శాతాల్లో పెట్టకుండా అంకెల్లోనే రాశా, 1,28,000, మళ్ళీ 1,28,000, 48,000, 16,000. మాస్టారు లెక్కల మనిషి, అయినా శాతాలు చూసి ఎవరి మొత్తం మీద వాళ్ళు లెక్కేసుకునే ప్రమాదం ఉంది. తేదీ లైన్‌లో ఆ మూడు షరతులు అలాగే ఉంచి కింద ఇంకో వాక్యం పెట్టా, "గ్రానైట్ జూన్ 28 దాటితే, దాటినన్ని రోజులు ఆగస్టు 12కి కలుస్తాయి." ప్లై నంబర్లు రెండు ఎందుకున్నాయని మాస్టారు అడిగారు. నీళ్ళు తగిలే చోట 710, అది ఎక్కువ తట్టుకుంటుంది, బట్టల బీరువాకి అంత అవసరం లేదు, అంతా 710 అయితే ధర మారుతుంది అని చెప్పాను. సరే అన్నారు.

ఈసారి రిప్లై వాళ్ళబ్బాయి రాశాడు, "3,20,000 మొత్తం, గ్రానైట్ 28కి అయితే ఆగస్టు 12. నాన్నగారు సైట్‌లో రంగులు, డిజైన్ చూస్తారు. ధర మారే ఏ విషయమైనా నన్ను అడగండి." ఆ చివరి వాక్యం నేను అడిగి రాయించా. ఎవరి మాట దేనికి చెల్లుతుందో తెలియకపోతే మధ్యలో నలిగేది మనమే. జూన్ 19న 1,28,000 వచ్చింది, యూపీఐ నోట్‌లో "పోరంకి ఫ్లాట్ అడ్వాన్స్, రెండో మెసేజ్ ప్రకారం" అని రాయమన్నా, రాశాడు.

ఈ అడ్వాన్స్ సంగతి కొంచెం చట్టంలోకి వెళ్ళి చెప్తా, ఎక్కువ లాగను. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది, దాని ప్రకారం ఇలాంటి పనులకి నోటి మాట ఒప్పందం కూడా చెల్లుతుంది, రాత ఉండాలని లేదు. సమస్య చెల్లుబాటు కాదు, ఏమనుకున్నారో రుజువు చెయ్యడం. రెండోది, "రెండు రోజుల్లో ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే" అని మెసేజ్ కింద రాసే అలవాటు కొందరికి ఉంది, దాని మీద ఆధారపడకండి, మౌనాన్ని మామూలుగా అంగీకారం కింద తీసుకోరు. అదే చట్టంలో ఎనిమిదో సెక్షన్ ఒకటుంది, ప్రతిపాదనలో చెప్పిన షరతు నెరవేరిస్తే అది ఒప్పుకున్నట్టే అని. అంటే క్లయింట్ సరే అని రాయకపోయినా, మెసేజ్ చదివి అందులో రాసిన అడ్వాన్స్ సరిగ్గా అదే మొత్తం పంపితే మన చేతిలో గట్టి ఆధారం ఉన్నట్టు. అందుకే అడ్వాన్స్ ఎప్పుడూ మెసేజ్ తర్వాతే తీసుకుంటా, సైట్‌లో టోకెన్ అని ఐదు వేలు చేతిలో పెట్టబోయినా "రేపు మెసేజ్ చూశాక పంపండి" అంటా. ముందే తీసుకుంటే ఆ డబ్బు ఏ షరతులకి ఇచ్చిందో చెప్పలేం.

ఇంకోటి, గ్రూపు పెట్టిన నాలుగో రోజు గమనించా, అందులో మెసేజ్‌లు 90 రోజులకి మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. పని ఆగస్టుకి అయిపోయినా గొడవ నవంబర్‌లో రావచ్చు, బాకీ కోసం కోర్టుకి వెళ్ళడానికి మామూలుగా మూడేళ్ళ గడువు ఉంటుంది, ఆ లోపు మనకున్న కాగితం ఆవిరైపోతుంది. అడిగి ఆఫ్ చేయించా, రెండో మెసేజ్‌ని పీడీఎఫ్ చేసి ఇద్దరికీ మెయిల్ కూడా చేశా. స్క్రీన్‌షాట్ మాత్రమే దాచుకుని ఫోన్ మార్చేసేవాళ్ళకి ఒక మాట, ఇప్పుడున్న సాక్ష్య చట్టంలో, అంటే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో, 63వ సెక్షన్ కింద ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జతచెయ్యాలి, అసలు చాట్ ఉన్న ఫోన్ మీ దగ్గర ఉంటే ఆ పని తేలిక.

పని మొదలైంది. రంగులు జూన్ 24న ఫైనల్ చేశారు. గ్రానైట్ మాత్రం బిల్డర్ తాపీ మేస్త్రి రాక జూలై 6కి గానీ అవ్వలేదు. ఆ రోజు సాయంత్రం ప్లాట్‌ఫామ్ ఫొటో తీసి గ్రూపులో పెట్టి రాశా, "గ్రానైట్ ఈరోజు జూలై 6న పూర్తయింది. మూడు షరతులూ అయ్యాయి. 45 రోజుల లెక్క ఈరోజు నుంచి, అప్పగింత ఆగస్టు 20." ఇది రెండు వాక్యాల పని, కానీ దీన్ని వదిలేస్తే మొదట రాసిన ఫార్ములా అంతా వృథా, ఎందుకంటే షరతు ఎప్పుడు నెరవేరిందో మళ్ళీ నోటి మాటే అవుతుంది. మాస్టారు ముహూర్తానికి మూడు రోజులే ఉందని కంగారు పడ్డారు, కానీ ఆ కంగారు బిల్డర్ మీదికి పోయింది, నా మీదికి రాలేదు. గ్రానైట్ ఆలస్యమైన ప్రతి రోజూ తన తేదీ జరుగుతోందని ఆయనకి తెలుసు కాబట్టి ఆ వారమంతా ఆయనే రోజూ వెళ్ళి మేస్త్రిని పట్టుకున్నారు.

జూలై మూడో వారంలో అసలు పరీక్ష వచ్చింది. బాక్సులు సైట్‌కి వచ్చాయి, మా కార్పెంటర్ బిగిస్తున్నాడు, డాలస్ నుంచి కోడలు గారు వీడియో కాల్‌లో చూస్తూ కిచెన్ తలుపులు సన్‌మైకా బదులు అక్రిలిక్ పెట్టొచ్చా అని అడిగారు. మా వాడు మంచోడు, ఎవరేం అడిగినా కాదనలేడు, "పెట్టేద్దాం మేడమ్" అనేశాడు. అక్కడితో ఆ కుటుంబం దృష్టిలో అక్రిలిక్ ఒప్పందం అయిపోయింది. మాస్టారు కూడా విన్నారు.

నాకు రాత్రి తెలిసింది. అదే రాత్రి పంపా, "మార్పు 1, ఇంకా ఒప్పుకోలేదు, మీ జవాబు కోసం. కిచెన్ షట్టర్లు అక్రిలిక్ అయితే 58.5 అడుగులకి అడుగు 450 అదనం, 26,325, జీఎస్టీ 4,738, మొత్తం 31,063. షట్టర్లు ప్రెస్ చేయించి రావడానికి 11 రోజులు ఎక్కువ, అప్పగింత ఆగస్టు 20 కాకుండా 31. మీరు సరే అని రాసేదాకా సన్‌మైకాతోనే పని కొనసాగుతుంది." చివరి వాక్యం ముఖ్యం. జవాబు కోసం పని ఆపేస్తే ఆ ఆగిన రోజులు ఎవరి ఖాతాలో పడతాయన్నది ఇంకో గొడవ. మార్పుకి ధర ఒక్కటే రాసి తేదీ రాయకపోవడం నేను అందరిలో చూసే లోపం, డబ్బులు ఒప్పుకుంటారు, రోజులు పెరిగాయంటే ఒప్పుకోరు. ఇక్కడ 31వ తేదీ చూడగానే వాళ్ళబ్బాయి రెండు గంటల్లో రాశాడు, "వద్దు, సన్‌మైకానే. ముహూర్తం ముఖ్యం." అదే మెసేజ్ పెట్టకుండా ఉంటే ఆగస్టు 23న తలుపుల్లేని వంటింట్లో పాలు పొంగించేవాళ్ళు.

ఇంకో మార్పు మాత్రం అయ్యింది, వాష్ ఏరియాలో చిన్న కబోర్డు, 3 బై 2.5, ఏడున్నర అడుగులు, 11,250, టాక్స్‌తో 13,275, తేదీలో మార్పు లేదు. "సరే, 13,275" అని రాశాడు, చేసేశాం.

ఆగస్టు 18కి పని అయిపోయింది. అప్పగించే రోజు మాస్టారు కిచెన్ అంతా తిరిగి చూసి రెండు విషయాలు అడిగారు. ఒకటి, చిమ్నీ బిగించడానికి మనిషి ఎప్పుడొస్తాడు అని. ఫోన్ తీసి "ఇందులో లేనివి" లైన్ చూపించా, చదివి "ఔను కదూ" అన్నారు, అంతే, ఆ మాట అక్కడితో అయిపోయింది. మెసేజ్ మొత్తంలో నాకు ఎక్కువసార్లు పనికొచ్చేది ఆ లైనే. పనిలో ఉన్నవి ఎన్ని రాసినా కొన్ని మిగులుతాయి, కానీ జనం సహజంగా ఇది కూడా ఉంటుందిలే అనుకునేవి ఏడెనిమిదే, అవి మన ట్రేడ్‌లో మనకి తెలుసు, వాటిని పేరు పెట్టి లేవు అని రాయాలి. పెయింటింగ్ చేసేవాళ్ళకి పుట్టీ, ఫొటోగ్రాఫర్లకి ఆల్బమ్, వెబ్‌సైట్ చేసేవాళ్ళకి హోస్టింగ్ ఖర్చు అలాంటివి.

రెండోది, డ్రాయర్లు. మాస్టారు స్టవ్ కింద మూడూ టాండెమ్ బాక్సులు వస్తాయనుకున్నారు, అంటే పూర్తిగా బయటికొచ్చి మెత్తగా మూసుకునేవి. నేను ఒకటి టాండెమ్, రెండు మామూలు చానల్ డ్రాయర్లు పెట్టా. మెసేజ్ తీసి చూశాం. ఏముంది అందులో? "డ్రాయర్లు, బాస్కెట్లు ఉంటాయి." ఎన్ని, ఏ రకం, ఏమీ లేదు. జూన్ 16 పొద్దున షోరూమ్ ఫొటో ఒకటి నేనే ఆయనకి చూపించా, అందులో మూడూ టాండెమ్‌లే. ఆ ఫొటో మెసేజ్‌లో పెట్టలేదు, పెట్టి ఉంటే అది నాకు వ్యతిరేకంగానే ఉండేది, కానీ కనీసం ఆ రాత్రే లెక్క సరిచేసేవాణ్ణి. ప్లై మందం మిల్లీమీటర్లలో రాసిన నేను ఆయన చేత్తో రోజూ లాగే వస్తువు గురించి ఒక్క అంకె రాయలేదు.

నేను రాసిన కాగితంలో స్పష్టత లేకపోతే నష్టం నాదే కావాలి అని నా పద్ధతి, ఎందుకంటే రాసింది నేను, ఏం రాయాలో తెలిసినవాణ్ణీ నేనే. రెండూ మార్చేస్తా అన్నాను. ఖర్చు పది వేలు దాటుతుంది. మాస్టారు ఒప్పుకోలేదు, ఆయన కూడా ఆ మెసేజ్ రెండుసార్లు చదివి సరే అన్నారు కాబట్టి సగం ఆయన పెట్టుకుంటానన్నారు. ఒద్దన్నా వినలేదు. "అబ్బాయ్, పరీక్ష పేపర్లో ప్రశ్న సరిగ్గా లేకపోతే మార్కులు ఇద్దరం పంచుకోవాలి" అన్నారు. మర్నాడే బాక్సులు తెప్పించి 20వ తేదీ సాయంత్రానికి బిగించాం. వాళ్ళ వాటా 5,000 అని కూడా గ్రూపులో రాసే తీసుకున్నా.

అప్పగింత మెసేజ్ ఆ రోజే పెట్టా, పని పూర్తి, తాళాలు మాస్టారుకి ఇచ్చాను, రావాల్సింది 16,000, కబోర్డు 13,275, డ్రాయర్ల వాటా 5,000, మొత్తం 34,275 అని. ముహూర్తం హడావుడిలో డబ్బులు రెండు రోజులు ఆలస్యమైనా 22 రాత్రి మొత్తం ఒకేసారి వచ్చింది, అంకెకి అంకె.

ఇప్పుడు నా మెసేజ్‌లో కిచెన్ కింద ఒక లైన్ ఎక్కువైంది: "డ్రాయర్లు ఎన్ని, అందులో టాండెమ్ ఎన్ని, మామూలు చానల్ ఎన్ని, బాస్కెట్లు ఎన్ని, సైట్‌లో చూపించిన ఫొటో ఏది." మొన్న పెనమలూరులో ఒక ఇంటికి ఈ లైన్ పంపితే ఆవిడ అరగంటలో ఫోన్ చేసి "ఆ ఫొటోలో ఉన్న కార్నర్ యూనిట్ కూడా ఉందనుకున్నానండీ" అన్నారు. లేదండీ, దానికి విడిగా అవుతుంది అని ధర చెప్పా. ఇంకా ఆలోచించుకుంటున్నారు, ప్లైవుడ్ ఇంకా షాపులోనే ఉంది.